స్వెట్ ఈక్విటీ షేర్లు: ఎవరికి ఇవ్వొచ్చు, విలువ ఎవరు కట్టాలి, మూడేళ్లు ఏం చేయకూడదు

తిరుపతిలో చిన్న కంపెనీలు నడిపేవారి సమావేశంలో ఒక కంపెనీ సెక్రటరీ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బోర్డు మీద నాలుగు లెక్కలు వేస్తాను, అంత దూరం నుంచి కనపడవు.

నా దగ్గరికి వచ్చే చిన్న కంపెనీలవాళ్లు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "మేడం, మా దగ్గర ఫలానా మనిషి ఉన్నాడు, వాడు లేకపోతే కంపెనీ లేదు, జీతం పెద్దగా ఇవ్వలేకపోతున్నాం, పది శాతం వాటా రాసిచ్చేద్దామనుకుంటున్నాం" అని. మంచిదే. ఇవ్వాల్సిందే. కానీ "రాసిచ్చేద్దాం" అన్నారు చూశారా, అక్కడే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఎందుకంటే డబ్బు తీసుకోకుండా, లేదా ఉన్న విలువకంటే తక్కువకు షేరు ఇవ్వడం కంపెనీల చట్టంలో మామూలుగా కుదరదు. 53వ సెక్షన్ డిస్కౌంటుకు షేర్లు ఇవ్వొద్దంటుంది. ఇస్తే ఆ జారీయే చెల్లదంటుంది. దానికి చట్టం తెరిచి పెట్టిన దారి 54వ సెక్షన్. అదే స్వెట్ ఈక్విటీ. తన పరిజ్ఞానాన్నో, పేటెంటు లాంటి హక్కునో, కంపెనీకి విలువ పెంచే పనినో ఇచ్చిన డైరెక్టరుకు గానీ ఉద్యోగికి గానీ ఇచ్చే షేరు. ఆ దారిలో వెళ్లాలంటే దాని షరతులన్నీ పాటించాలి. ఒక్కటి తప్పినా మళ్లీ 53 దగ్గరికే వచ్చి పడతాం.

నేను ఈ రోజు లిస్టయిన కంపెనీల జోలికి పోను. వాటికి సెబీ నియమాలు వేరే ఉన్నాయి, 2021లో వచ్చాయి. ఈ గదిలో దాదాపు అందరివీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలే. మనకు వర్తించేది 2014 నాటి షేర్ క్యాపిటల్ అండ్ డిబెంచర్స్ రూల్స్‌లో 8వ రూలు. ఎల్ఎల్‌పీ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మీకు షేర్లే ఉండవు కాబట్టి ఈ మాట వర్తించదు. మీ ఒప్పందంలో లాభాల వాటా మార్చుకోవాలి, అంతే.

సరే, ఒక కంపెనీని ఊహించుకుందాం. మన చిత్తూరు జిల్లాదే. తోతాపురి సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీల వెనక టెంకల కుప్పలు మీరు చూసే ఉంటారు. ఆ టెంకలు కొని, పగలగొట్టి, లోపలి జీడి నుంచి కొవ్వు తీసి సబ్బులవాళ్లకు, క్రీములవాళ్లకు అమ్మే కంపెనీ అనుకోండి. ఈ వ్యాపారంలో అసలు కష్టం ఎక్కడ? జీడి తడిగా ఉంటే కొవ్వులో ఆమ్లం పెరిగిపోతుంది, కొనేవాడు వెనక్కి పంపేస్తాడు. ఆ కంపెనీలో ఒక ఫుడ్ టెక్నాలజిస్టు ఉంది. టెంక ఫ్యాక్టరీ దాటిన వెంటనే జీడిని ఎలా వేరుచేయాలి, ఏ వేడిలో ఎంతసేపు ఆరబెట్టాలి, అన్నీ తేల్చి ఒక పద్ధతి తయారుచేసింది. తిప్పి పంపే సరుకు బాగా తగ్గింది. ఆమె జీతం నెలకు 50 వేలు. కంపెనీ చెల్లించిన మూలధనం 10 లక్షలు, అంటే పది రూపాయల షేర్లు లక్ష. ఇద్దరు డైరెక్టర్లు, వాళ్లే వ్యవస్థాపకులు. ఆమెకు వాటా ఇవ్వాలనుకున్నారు. ఇవ్వొచ్చా?

మొదట ఆమె ఎవరో చూడాలి. 8వ రూలు ప్రకారం "ఉద్యోగి" అంటే పర్మినెంట్ ఉద్యోగి. ఇండియాలో పనిచేసినా బయట పనిచేసినా సరే. డైరెక్టరు కూడా ఆ లెక్కలోకే వస్తాడు, పూర్తికాలం పనిచేసినా చేయకపోయినా. అనుబంధ కంపెనీ, హోల్డింగ్ కంపెనీ ఉద్యోగులు, డైరెక్టర్లు కూడా వస్తారు. ఇంతకుముందు ఏడాది సర్వీసు ఉండాలన్న మాట ఉండేది, కంపెనీ వ్యాపారం మొదలుపెట్టి ఏడాది కావాలన్న షరతూ ఉండేది. 2018 నుంచి అవి లేవు. పాత పుస్తకాలు చూసి ఇంకా ఏడాది ఆగాలంటూ కూర్చోకండి.

ప్రమోటరుకు, అంటే కంపెనీ పెట్టి నడిపించేవారికి, ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు. ఈసాప్ అంటే ముందే చెప్పిన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కును ఉద్యోగులకు ఇచ్చే పథకం. దానికీ దీనికీ పెద్ద తేడా అదే. ఈసాప్‌లో ప్రమోటరుకు, పది శాతం పైన వాటా ఉన్న డైరెక్టరుకు మామూలుగా ఇవ్వడానికి లేదు. స్టార్టప్‌లకు మాత్రమే మినహాయింపు. స్వెట్ ఈక్విటీలో ఆ అడ్డు లేదు. డైరెక్టరు అయితే చాలు.

ఇప్పుడు ఎవరికి ఇవ్వకూడదో చూద్దాం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కన్సల్టెంటుకు ఇవ్వకూడదు. మీ వెబ్‌సైటు చేసిపెట్టిన ఫ్రీలాన్సరుకు ఇవ్వకూడదు. కాంట్రాక్టు మీద వచ్చిన ఇంజనీరుకు ఇవ్వకూడదు. "మా బావమరిది మొదట్లో లోను ఇప్పించాడు మేడం" అంటారు, ఆయనకూ ఇవ్వకూడదు. ఆయన మన దగ్గర ఉద్యోగీ కాదు, డైరెక్టరూ కాదు. వీళ్లకు షేర్లు ఇవ్వాలంటే వేరే సెక్షన్ కింద, సరైన ధరకు ఇచ్చే దారులున్నాయి.

ఏంటి సార్? "కన్సల్టెంటును రెండు నెలలకు ఉద్యోగిగా చూపిస్తే?" అంటున్నారు. చూపించడం కాదు సార్, నిజంగా ఉద్యోగి అయితే సరే. అపాయింట్‌మెంటు లెటరు, జీతం, టీడీఎస్, అన్నీ ఉద్యోగివి ఉండాలి. షేర్లు అలాట్ చేయగానే మళ్లీ కన్సల్టెంటుగా మారిపోతే, రేపు మీ కంపెనీలో పెట్టుబడి పెట్టేవాడు కాగితాలు తిరగేసేటప్పుడు మొట్టమొదట పట్టుకునేది దాన్నే.

మన టెక్నాలజిస్టు పర్మినెంట్ ఉద్యోగి. బాగుంది. అయితే ఇంకో రెండు విషయాలు చూడందే ముందుకు పోకూడదు. ఒకటి, ఆమె ఇచ్చే పద్ధతి ఆమెదేనా? విశ్వవిద్యాలయం ల్యాబులో పరిశోధన చేస్తున్నప్పుడు తయారుచేసిందైతే ఆ హక్కు సంస్థది కావచ్చు. తనది కానిదాన్ని ఆమె కంపెనీకి ఎలా రాసిస్తుంది? ఈ చుట్టుపక్కల యూనివర్సిటీలు, ఐఐటీ నుంచి వచ్చిన పిల్లలు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. ముందు సంస్థ నుంచి రాతపూర్వకంగా హక్కు తెచ్చుకోండి. రెండోది, ఆమె అపాయింట్‌మెంటు లెటరు. రూలులో "విలువ జోడింపు" అంటే ఏమిటో చెప్పిన చోట స్పష్టంగా ఉంది: దానికి ప్రతిఫలం ఆమె మామూలు జీతంలో కలిసి ఉండకూడదు. "ఎండబెట్టే పద్ధతి తయారుచేయడమే మీ పని, దానికే ఈ జీతం" అని లెటరులో రాసి ఉంటే, ఇక కొత్తగా కొనడానికి ఏముంది? కాబట్టి లెటరు తెరిచి చదవండి. చదవకుండా వాల్యుయర్ దగ్గరికి పోకండి.

ఇప్పుడు విలువ. ఇక్కడ కట్టాల్సిన విలువలు రెండు. ఒకటి షేరు విలువ, రెండోది ఆమె ఇచ్చే పరిజ్ఞానం విలువ. ఈ రెండింటినీ రిజిస్టర్డ్ వాల్యుయరే కట్టాలి. 247వ సెక్షన్ కింద ఐబీబీఐ దగ్గర, అంటే దివాలా వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు దగ్గర, నమోదైన మనిషి. మీ ఆడిటరు ఎంత మంచివాడైనా, ఆయనకు ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆయన సర్టిఫికెట్ పనికిరాదు. ఇంకో మాట, వాల్యుయర్లలో తరగతులున్నాయి. భూములు, భవనాలకు ఒకరు, ప్లాంటు, యంత్రాలకు ఒకరు, సెక్యూరిటీలు లేదా ఆర్థిక ఆస్తులకు ఒకరు. మనకు కావాల్సింది మూడో తరగతి. మీ ఫ్యాక్టరీ షెడ్డుకు బ్యాంకు కోసం విలువ కట్టిన ఆయన్ని పట్టుకొచ్చి షేరు విలువ కట్టించొద్దు. ఐబీబీఐ వెబ్‌సైటులో పేరు వెతికితే ఏ తరగతో కనపడుతుంది.

మన కంపెనీకి వాల్యుయర్ షేరు విలువ 400 రూపాయలని తేల్చాడనుకుందాం. లక్ష షేర్లు, కాబట్టి కంపెనీ మొత్తం విలువ 4 కోట్లు. ఇక పరిజ్ఞానం. "చాలా గొప్ప పద్ధతి, 40 లక్షలు" అని గాల్లోంచి రాస్తే కుదరదు. రిపోర్టులో కారణం చూపించాలని రూలే చెప్తుంది. అదెలా ఉంటుందో చూడండి. ఈ పద్ధతి వల్ల తిరిగొచ్చే సరుకు తగ్గి, పన్ను పోగా ఏడాదికి 19 లక్షలు మిగులుతోంది. ఈ ప్రయోజనం మూడేళ్లు ఉంటుంది, ఆ తర్వాత పోటీవాళ్లూ నేర్చుకుంటారని అంచనా. రేపు వచ్చే డబ్బు ఈ రోజు డబ్బంత కాదు కదా, 20 శాతం చొప్పున తగ్గిస్తే మొదటి ఏడాదిది 15.83 లక్షలు, రెండోది 13.19, మూడోది 11. కలిపితే 40 లక్షలు. 40 లక్షలను 400తో భాగిస్తే 10 వేల షేర్లు. ఆమెకు ఇవ్వగలిగేది అంతే.

ఈ లెక్కలో ఎక్కడ అనుమానం రావాలి? 19 లక్షలు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. పద్ధతి రాకముందు సీజన్లో ఎన్ని టన్నులు వెనక్కొచ్చాయి, వచ్చాక ఎన్ని? ఇన్వాయిసులు, రిటర్ను చలాన్లు ఉన్నాయా? అవి లేకుండా వ్యవస్థాపకుడు చెప్పిన అంకె తీసుకుని రాసిన రిపోర్టు, ఎవరైనా గట్టిగా ప్రశ్నించిన రోజు నిలబడదు. ఇంకో గుర్తు చెప్తాను. ముందు పది శాతం ఇవ్వాలని నిర్ణయించుకుని, దానికి సరిపోయేలా విలువ రాయించుకున్న రిపోర్టుల్లో అంకె మరీ గుండ్రంగా వస్తుంది, దానికి కారణం మాత్రం రెండు లైన్లే ఉంటుంది. అలాంటి రిపోర్టుకు డబ్బు కట్టకండి.

పరిమితి సంగతి ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. ఒక ఏడాదిలో ఉన్న మూలధనంలో 15 శాతం, లేదా 5 కోట్ల విలువైన షేర్లు, ఏది ఎక్కువైతే అది. కానీ మొత్తమ్మీద ఎప్పుడూ 25 శాతం దాటకూడదు. కేంద్రంలో పరిశ్రమల ప్రోత్సాహం చూసే డీపీఐఐటీ శాఖ గుర్తింపు ఉన్న స్టార్టప్ అయితే, కంపెనీ పెట్టిన పదేళ్ల దాకా 50 శాతం వరకూ ఇవ్వొచ్చు. మన పదివేల షేర్లు పది శాతమే కాబట్టి ఇబ్బంది లేదు. ఇచ్చిన తర్వాత ఆమె వాటా లక్షా పదివేలలో పదివేలు, అంటే 9.09 శాతం. "పది శాతం" అని నోటిమాట ఇచ్చేముందు ఈ తేడా ఆమెకు చెప్పండి.

ఇక కాగితాల వరుస. బోర్డు అనుకోవాలి, వాల్యుయర్ రిపోర్టు బోర్డు పేరుతో రావాలి, దాని సారాంశం సర్వసభ్య సమావేశం నోటీసుతో పాటు వాటాదారులకు పోవాలి. ప్రత్యేక తీర్మానం, అంటే పడిన ఓట్లలో వ్యతిరేకంకంటే అనుకూలం మూడు రెట్లయినా ఉండాలి. ఎన్ని షేర్లు, ధర ఎంత, దేనికి బదులుగా, ఏ తరగతి ఉద్యోగులకు, అన్నీ తీర్మానంలో ఉండాలి. 30 రోజుల్లో ఆ తీర్మానాన్ని కంపెనీల రిజిస్ట్రారుకు తెలిపే ఫారం MGT-14 వేయాలి. తీర్మానం జరిగిన 12 నెలల్లోపు అలాట్‌మెంటు జరిగిపోవాలి, దాటితే మళ్లీ తీర్మానం. అలాట్ చేసిన 30 రోజుల్లో ఆ సంగతి తెలిపే ఫారం PAS-3, దానికి ఆమెతో చేసుకున్న ఒప్పందం స్టాంపు కట్టి జతచేయాలి. స్వెట్ ఈక్విటీ షేర్ల వివరాలు రాసే రిజిస్టరు SH-3 మన ఆఫీసులోనే ఉంచాలి. మీలో చాలామంది ఫారాలు వేసి ఈ రిజిస్టరు మర్చిపోతారు. అది ఎవరికీ పంపేది కాదు కాబట్టి ఎవరూ గుర్తుచేయరు.

ఇప్పుడు లాక్-ఇన్. అలాట్ చేసిన తేదీ నుంచి మూడేళ్లు ఆ షేర్లు ఎవరికీ బదిలీ చేయకూడదు. తీర్మానం తేదీ కాదు, అలాట్‌మెంటు తేదీ. సర్టిఫికెట్ మీద లాక్-ఇన్ ఉందని, ఎప్పుడు ముగుస్తుందో, పెద్ద అక్షరాల్లో కనపడేలా ముద్ర వేయాలి. డీమాట్ అయితే డిపాజిటరీ దగ్గర నమోదు చేయించాలి.

లాక్-ఇన్ అంటే చాలామంది ఏమనుకుంటారో చెప్పనా? "మూడేళ్లు పనిచేస్తేనే షేర్లు ఆమెవి" అనుకుంటారు. కాదు. షేర్లు అలాట్ చేసిన రోజే ఆమెవి. ఓటు హక్కు ఆమెదే, డివిడెండు ఆమెదే, మిగతా వాటాదారులతో సమానం. స్థలం రిజిస్టర్ చేసిచ్చి, మూడేళ్లు అమ్మొద్దని షరతు పెట్టినట్టు. నాలుగో నెలలో ఆమె రాజీనామా చేసి చెన్నై వెళ్లిపోతే? 9.09 శాతం ఆమెదే. మీరు వెనక్కి తీసుకోలేరు. పైగా ఆమె "తీసేసుకోండి" అన్నా, లాక్-ఇన్ ఉన్నన్నాళ్లు మీ పేరుకు బదిలీ చేయడం కుదరదు! ఇదే లాక్-ఇన్ ఇద్దరినీ కట్టేస్తుంది. మనిషి ఉండాలన్నదే మీ ఉద్దేశమైతే, ఏడాదికి కొంత చొప్పున చేతికొచ్చే ఈసాప్ దానికి సరైన దారి. జరిగిపోయిన పనికి, చేతికొచ్చిన పరిజ్ఞానానికి స్వెట్ ఈక్విటీ ఇవ్వండి. ఇకముందు చేయబోయే పని కోసం ఇవ్వొద్దు. చట్టం "రాబోయే ప్రయోజనం" కూడా ఒప్పుకుంటుంది, నిజమే. కానీ నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను అలా చేయమని చెప్పను.

ఇంకో ఇబ్బంది. రెండేళ్లలో పెద్ద కంపెనీ ఒకటి మిమ్మల్ని మొత్తంగా కొంటానని వచ్చింది. మీ షేర్లు అమ్ముకోవచ్చు, ఆమెవి అమ్మడానికి లేదు. బేరం అక్కడే చిక్కుకుంటుంది. కాబట్టి ఒప్పందంలో ముందే రాసుకోండి, లాక్-ఇన్ అయ్యాక అదే కొనుగోలుదారుకు ఏ ధరకు ఇస్తుంది అని.

చివరగా పన్ను. దీనికి కొంచెం ఎక్కువసేపు ఇస్తాను, ఎందుకంటే ఉద్యోగిని ఏడిపించేది ఇదే. షేరు అలాట్ చేసిన రోజు దాని మార్కెట్ విలువలోంచి ఆమె కట్టింది తీసేస్తే మిగిలింది ఆమెకు జీతంతో సమానమైన ఆదాయం. లిస్టు కాని కంపెనీకి ఆ విలువ మర్చంట్ బ్యాంకరు కట్టాలి. అవును, మళ్లీ ఇంకొకరు! కంపెనీల చట్టానికి రిజిస్టర్డ్ వాల్యుయర్, ఆదాయపు పన్నుకు మర్చంట్ బ్యాంకరు. ఒకరి రిపోర్టు ఇంకోదానికి చెల్లదు.

ఆయన కూడా 400 అన్నాడనుకోండి. పదివేల షేర్లు, 40 లక్షలు. జీతం ఏడాదికి 6 లక్షలు. కలిపి 46 లక్షలు. కొత్త పన్ను విధానంలో, 24 లక్షల పైన 30 శాతం ఉండే శ్లాబులతో, స్టాండర్డ్ డిడక్షన్ పోగా, సెస్సుతో కలిపి 9 లక్షల 75 వేలు. ఆమెకు చేతికొచ్చింది ఏమిటి? ఒక కాగితం. దాన్ని మూడేళ్లు అమ్మడానికి లేదు. కట్టాల్సిన పన్ను ఆమె పంతొమ్మిది నెలల జీతం కంటే ఎక్కువ. టీడీఎస్ కోయాల్సిన బాధ్యత కంపెనీది. ఎక్కడి నుంచి కోస్తారు? మేలు చేద్దామనుకుని ఆ పిల్లను అప్పులపాలు చేసినట్టు కాదా?

దీనికి దారులున్నాయి. లాభాల మీద పన్ను మినహాయింపుకు 80-ఐఏసీ కింద సర్టిఫికెట్ వచ్చిన స్టార్టప్ అయితే, ఆ పన్నును దాదాపు ఐదేళ్ల దాకా వాయిదా వేయొచ్చు. ఆలోపు షేర్లు అమ్మినా, ఉద్యోగం మానేసినా అప్పుడే కట్టాలి. డీపీఐఐటీ గుర్తింపు ఒక్కటే దీనికి చాలదు, ఈ సర్టిఫికెట్ వేరు. అది లేనివాళ్లు రెండు ఆర్థిక సంవత్సరాల్లో విడగొట్టి ఇవ్వండి. తీర్మానానికి 12 నెలల గడువుంది కదా. ఫిబ్రవరిలో ఐదు వేలు, ఏప్రిల్లో ఐదు వేలు అలాట్ చేయండి. విలువ మారకపోతే ఏడాదికి ఆమె ఆదాయం 26 లక్షలు, పన్ను సుమారు 3 లక్షల 51 వేలు. రెండేళ్లకు కలిపి 7 లక్షల 2 వేలు. రెండు లక్షల డెబ్బై మూడు వేలు మిగిలింది, కట్టడానికి టైమూ దొరికింది. రెండో విడతకు ఆ రోజు విలువే లెక్క, మర్చంట్ బ్యాంకరు రిపోర్టు 180 రోజుల కంటే పాతది కాకూడదు. రెండు విడతలకు లాక్-ఇన్ కూడా వేర్వేరుగా నడుస్తుంది. మిగిలిన పన్నుకు కంపెనీ బోనస్ ఇవ్వగలదా, ఆ బోనస్ మీద పన్ను ఎంత, అది ముందే కూర్చుని ఆమెతో మాట్లాడండి. రేపు అమ్మినప్పుడు ఆమెకు 400 మళ్లీ లాభంగా లెక్కకు రాదు, 400 పైన వచ్చిందే లాభం.

ఆ మూల నుంచి చెయ్యెత్తారు, చెప్పమ్మా. "మా గైడుగారు పద్ధతి నేర్పించారు, ఆయనకూ కొన్ని షేర్లు ఇవ్వాలని ఉంది." మంచి ఆలోచన అమ్మా. ఆయన యూనివర్సిటీ ఉద్యోగి కాబట్టి మీ ఉద్యోగి కాలేరు. డైరెక్టరుగా రావాలంటే ముందు ఆయన సంస్థ అనుమతి కావాలి. అది దొరికి, నిజంగా బోర్డు మీటింగులకు వచ్చి పనిచేస్తే స్వెట్ ఈక్విటీ ఇవ్వొచ్చు. ఆ పద్ధతి సంస్థదైతే మాత్రం ఆయనకు షేర్లు ఇచ్చినా హక్కు మీకు రాదు. ముందు సంస్థతో లైసెన్సు ఒప్పందం చేసుకోండి, రాయల్టీ ఎంతో మాట్లాడుకోండి. గైడుగారికి ఇవ్వాల్సింది ఆ తర్వాత చూద్దాం. మీ అపాయింట్‌మెంటు లెటరు, సంస్థ పాలసీ కాపీ తెచ్చుకుని టీ దగ్గర కలవండి, ఇద్దరం చదువుదాం.